పది మీటర్ల ఆర్చి, చివరికొచ్చేసరికి తెలుపు కాస్తా నారింజ అవుతోంది: కరెంటు ఎక్కడ పోతోంది?

మియాపూర్_మధు
మా కాలనీ వినాయకుడి మండపానికి ఆర్చి లైటింగ్ ఈసారి నా నెత్తిన పడింది. పోయినేడు సీరియల్ సెట్లు కట్టారు, ఈసారి "రంగులు పరిగెత్తాలి" అని కమిటీ పట్టుబట్టింది. డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్, మీటరుకు 60 బల్బులు, ఐదు మీటర్ల చుట్టలు రెండు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చాను. ఎడమ కాలు 3 మీటర్లు, పైన అడ్డం 4, కుడి కాలు 3, మొత్తం 10. లైట్లను ఆడించే ఈఎస్‌పీ32 బోర్డులో WLED సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. సప్లై 5 వోల్టులు, 40 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్. అది ఎడమ కాలు పక్కనే టేబుల్ కింద ఉంది.

ఇంద్రధనుస్సు ఎఫెక్ట్ బ్రహ్మాండంగా వస్తోంది. ఫుల్ వైట్ పెడితే మాత్రం ఎడమ కాలు తెల్లగా, పైకెళ్లే కొద్దీ పసుపు, కుడి కాలు కింద ఇటుక రంగు. ఎవరో చెప్పారని కుడి కాలు కింద కూడా సప్లై ఇచ్చాను. 6 మీటర్ల స్పీకర్ వైరు నేల మీదుగా లాగి పెట్టాను. పెద్ద తేడా లేదు. 40 ఆంపియర్ల సప్లై కూడా సరిపోవడం లేదా? ఇంకా పెద్దది కొనాలా? చవితికి నాలుగు రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

కోఠి_కుర్రోడు
అన్నా, ఆ ఎస్‌ఎంపీఎస్‌లో టెర్మినల్స్ పక్కన చిన్న స్క్రూ ఉంటది చూడు. స్క్రూడ్రైవర్‌తో తిప్పు, 5.8 దాకా పోతది. చివర తెల్లగా వస్తది. పెళ్లి సెట్టింగుల్లో అందరం అదే చేస్తం.

డీజే_నర్సింగ్
డేటా వీక్ అయ్యుంటది. పది మీటర్లు అంటే తక్కువా? మధ్యలో యాంప్లిఫైయర్ పెట్టు.

లత_ఈఈఈ
మధుగారూ, ముందు మల్టీమీటర్ తీసుకుని ఫుల్ వైట్ వెలుగుతుండగా నాలుగు చోట్ల కొలవండి: ఎస్‌ఎంపీఎస్ టెర్మినల్స్ దగ్గర, స్ట్రిప్ మొదట్లో, రెండు చుట్టలు కలిసే చోట, చివర్లో. లైట్లు ఆపి కొలిస్తే అన్ని చోట్లా 5 చూపిస్తుంది, ఏమీ తెలియదు. స్పీకర్ వైరు తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి.

నర్సింగ్ అన్నా, అది డేటా సమస్య కాదు. ఈ స్ట్రిప్‌లో ఒక్కో బల్బు తనకొచ్చిన డేటాను మళ్లీ కొత్తగా తయారుచేసి పక్కదానికి పంపుతుంది. డేటా పాడైతే పిచ్చి రంగులు, మిణుకులు వస్తాయి. ఇలా మెల్లమెల్లగా తెలుపు పసుపై, పసుపు ఎరుపవడం వోల్టేజ్ తగ్గుతోందనడానికి గుర్తు. ఎరుపు బల్బుకు రెండు వోల్టుల చిల్లర చాలు. నీలానికి, ఆకుపచ్చకు మూడు దాటాలి. వోల్టేజ్ పడిపోయినప్పుడు ముందు నీలం అలిగి కూర్చుంటుంది, తర్వాత ఆకుపచ్చ, మిగిలేది ఎరుపు.

డీజే_నర్సింగ్
ఓకే అక్కా. సౌండులో అయితే కేబుల్ పొడుగైతే సిగ్నల్ పోతది, ఆ లెక్కలో అన్నా.

సీరియల్_సెట్_శంకరయ్య
మా ఇంటి మీద 40 మీటర్లు సీరియల్ సెట్లు ఒకదానికొకటి తగిలించి వేస్తాను ప్రతి దీపావళికి. ఈ చివరా ఆ చివరా ఒకటే వెలుగు. పది మీటర్లకే ఇంత గోలేమిటి నాయనా?

మియాపూర్_మధు
శంకరయ్య గారూ, కమిటీలో మా బాబాయి కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు.

లత గారూ, కొలిచాను. స్పీకర్ వైరు లేకుండా: ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.05, ఎడమ కాలు కింద 4.9, మధ్య జాయింటు దగ్గర 3.2, కుడి కాలు కింద 2.8.
స్పీకర్ వైరు పెట్టాక: కుడి కాలు కింద 3.4. మధ్యలో దాదాపు అంతే ఉంది. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.04.

లత_ఈఈఈ
జవాబు మీ అంకెల్లోనే ఉంది. సప్లై దగ్గర 5.04 నిలబడిందంటే దానికేమీ ఇబ్బంది లేదు, పెద్దది కొని డబ్బులు తగలేయకండి. కరెంటు దారిలో పోతోంది.

స్పీకర్ వైరు సంగతి చూద్దాం. అది అర స్క్వేర్ ఎంఎం అనుకుంటే మీటరు రాగి తీగకు సుమారు 0.035 ఓం. మీరు 6 మీటర్లు లాగారు, కానీ కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, అంటే 12 మీటర్లు. 0.42 ఓం అయింది. వైరు ఈ చివర 5.04, ఆ చివర 3.4. మధ్యలో పోయింది 1.64 వోల్టులు. 0.42తో భాగిస్తే దాదాపు 4 ఆంపియర్లు. కుడి సగానికి పది దాకా కావాల్సి ఉంటే ఆ వైరు నాలుగే మోసింది. కుడి వైపు ఇంజెక్షన్ ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చిన సూది సన్నం.

శంకరయ్య గారూ, మీ సీరియల్ సెట్ 230 వోల్టుల మీద నడుస్తుంది. వాటేజి అంతే ఉన్నా దాంట్లో కరెంటు చాలా తక్కువ, అందులో ఒక వోల్టు పోయినా ఎవరికీ తెలియదు. ఇక్కడ ఉన్నవే ఐదు. అందులో ఒకటి పోతే ఐదో వంతు పోయినట్టు.

కోఠి_కుర్రోడు
అందుకే కదా అక్కా నేను పెంచమన్నది. 5.8 పెడితే పోయేది పోగా మిగులుతది.

లత_ఈఈఈ
చివరి బల్బు సంగతి సరే, మొదటి బల్బు మాటేమిటి తమ్ముడూ? దానికి మొత్తం 5.8 తగులుతుంది. 2812బి డేటాషీట్‌లో పై హద్దు 5.3. పైగా పెళ్లిలో పాట ఆగి లైట్లన్నీ మసకైనప్పుడు కరెంటు తగ్గుతుంది, దారిలో పోయేదీ తగ్గుతుంది, అప్పుడు పదో మీటరు దాకా అందరికీ 5.8 వెళుతుంది. 5.1, 5.2 వరకు తిప్పుకోండి, నేనూ తిప్పుతాను. అది దాటి వద్దు.

ఇంకొకటి. డేటా "ఆన్" అని గుర్తించాలంటే సప్లై వోల్టేజ్‌లో 70 శాతం రావాలి. 5.8లో అది 4 దాటుతుంది. ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. మొదటి బల్బే వినిపించుకోదు.

కోఠి_కుర్రోడు
ఆహా, అందుకేనా మొన్న కొంపల్లి ఫంక్షన్ హాల్లో మొదటి బల్బు ఒక్కటే పచ్చగా మొరాయించింది. నేను స్ట్రిప్ డూప్లికేట్ అని షాపతనితో కొట్లాడిన.

మియాపూర్_మధు
అయితే కుడి కాలు కిందికి మందం వైరు వేస్తే సరిపోతుందా? రెండున్నర స్క్వేర్ ఎంఎం ఇంట్లో మిగిలింది ఉంది, ఫ్లాట్ వైరింగ్ అప్పటిది.

సోల్డర్_సుబ్బు
ఆ వైరు మంచిదే, అదే వాడండి. కానీ రెండు కాళ్ల కిందా ఇస్తే నడిమిట్లో వెలితి అలాగే ఉంటుంది. పోయినేడు మా అపార్ట్‌మెంట్ బాల్కనీకి నేను చేసిన తప్పు ఇదే. రెండు చివర్లా ఇచ్చి, మధ్యలో పసుపు మచ్చ చూసుకుంటూ నెల రోజులు గడిపాను. మా ఆవిడ "డిజైన్ బాగుంది" అంటే డిజైనే అని ఒప్పేసుకున్నాను.

లత_ఈఈఈ
సుబ్బు గారు అసలు విషయం పట్టుకున్నారు. ఎన్ని వైర్లు ఇచ్చామన్నదానికంటే ఎక్కడ ఇచ్చామన్నది ముఖ్యం.

నా దగ్గర ఉన్న స్ట్రిప్‌ని కొలిస్తే మీటరుకు, రానూ పోనూ రెండు రాగి పట్టీలూ కలిపి, 0.1 ఓం చుట్టూ వచ్చింది. చవక రకంలో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ఒక మీటరు ముక్క ఫుల్ వైట్‌లో 2.1 ఆంపియర్లు తీసుకుంది. మధు గారి చుట్ట మీద మీటరుకు 18 వాట్లు అని రాసి ఉంటుంది, ఆ లెక్కన మూడున్నర పైన రావాలి, నాకు రాలేదు. నా అంకెలతోనే వెళదాం, పది మీటర్లకు 21 ఆంపియర్లు.

రెండు చివర్లా ఇస్తే ఒక్కో వైపు నుంచి 5 మీటర్లు పోషించాలి. మొదట్లో పదిన్నర ఆంపియర్లు బయలుదేరతాయి, దారిలో ఒక్కో బల్బు తన వాటా తీసుకుంటుంది, 5 మీటర్లు దాటేసరికి సున్నా. సగటున ఐదుంపావు ఆంపియర్లు, అర ఓం. అంటే మధ్యలో రెండున్నర వోల్టుల పైన పోతుంది. నిజానికి అంత పడకముందే బల్బులు కరెంటు తీసుకోవడం తగ్గిస్తాయి, మసకబారతాయి. అందుకే మధు గారికి ఒక్క వైపు నుంచే ఇచ్చినప్పుడు కూడా 2.8 దగ్గర ఆగింది.

అవే రెండు వైర్లని చివర్ల నుంచి ఎత్తి, ఎడమ నుంచి రెండున్నర మీటర్ల దగ్గర ఒకటి, ఏడున్నర దగ్గర ఒకటి అతికించండి. ఇప్పుడు ఒక్కో వైరు అటు రెండున్నర, ఇటు రెండున్నర పోషిస్తుంది. ఒక్కో పక్కకు కరెంటు సగం, దూరమూ సగం. సగంలో సగం, అంటే పోయేది నాలుగో వంతు. రెండున్నర వోల్టులు కాస్తా 0.65 అయింది. వైరు కొనలేదు, సప్లై కొనలేదు, అతికించే చోటు మార్చామంతే.

పాతబస్తీ_పాషా
వాహ్. నేను ఇన్నాళ్లు మొదట్లో, చివర్లో ఇచ్చుడే కరెక్ట్ అనుకుంటున్న. అన్ని వీడియోల్లో అదే చూపిస్తరు.

సోల్డర్_సుబ్బు
చుట్టకు రెండు చివర్లా కనెక్టర్ బిగించి అమ్ముతారు కాబట్టి అక్కడే ఇవ్వాలనిపిస్తుంది. సోల్డర్ పట్టుకోవడానికి బద్ధకం.

బ్యాలెన్స్‌షీట్_భాస్కర్
ఆగండి, ఒక సందేహం. రెండున్నర మీటర్ల దగ్గర అతికించాలంటే అక్కడ స్ట్రిప్ కత్తిరించాలా? డేటా తెగిపోదూ?

సోల్డర్_సుబ్బు
కత్తిరించనవసరం లేదు. రెండు బల్బుల మధ్య మూడు రాగి పలకలు కనిపిస్తాయి కదా, అటూ ఇటూ ఉన్న ప్లస్, గ్రౌండ్ మీద మాత్రమే వైర్లు సోల్డర్ చేయండి. నడుమ ఉన్న డేటా పలక జోలికి వెళ్లకండి. పలకకు ముందు కాస్త సోల్డర్ పూసుకుని, వైరు చివరా పూసుకుని, రెండూ కలిపి ఒక్క క్షణం వేడి చూపిస్తే అతుక్కుంటుంది. ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే పలక స్ట్రిప్ నుంచి లేచి చేతిలోకి వస్తుంది. నాకు మూడు లేచాయి. రెండున్నర వైరు ఆ చిన్న పలక మీద నిలవదు, బరువుకే ఊడుతుంది. చివర ఒక జానెడు సన్నది వేసి, దాన్ని మందం దానికి కలపండి. జానెడుకి పోయేది లెక్కలోకి రాదు.

సిలికాన్ తొడుగు ఉన్న స్ట్రిప్ అయితే బ్లేడుతో కిటికీలా కోసి, పని అయ్యాక మళ్లీ సిలికాన్ పూయండి. చవితికి హైదరాబాద్‌లో వాన రాని సంవత్సరం నాకు గుర్తులేదు.

మియాపూర్_మధు
అర్థమైంది. కానీ ఎస్‌ఎంపీఎస్ ఎడమ కాలు దగ్గర ఉంది. కుడి కాలు మీద రెండున్నర మీటర్ల ఎత్తుకు వెళ్లాలంటే 6 ప్లస్ 2.5, ఎనిమిదున్నర మీటర్లు. ఎడమ వైపు మాత్రం మూడున్నర. రెండు పక్కలా తేడా రాదా?

లత_ఈఈఈ
వస్తుంది. రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి మీటరుకు సుమారు 0.007 ఓం. ఎనిమిదున్నర మీటర్లు రానూ పోనూ 17, అంటే 0.12 ఓం. పదిన్నర ఆంపియర్లకు 1.25 వోల్టులు వైరులోనే పోతాయి. ఎడమ వైపు అర వోల్టే. కుడి కాలు మళ్లీ పసుపు.

సప్లైని కదపండి. విగ్రహం వెనక తెర ఉంటుంది కదా, దాని వెనక నడిమధ్యలో స్టూలు మీద పెట్టండి. అక్కడి నుంచి అటు 2 అడ్డం, రెండున్నర నిలువు. ఇటూ అంతే. రెండు వైపులా నాలుగున్నర మీటర్లు. 9 మీటర్ల రాగి, 0.063 ఓం, 0.65 వోల్టు దాకా పోతుంది. 230 వోల్టుల తీగ ఎంత దూరం లాగినా బాధ లేదు, 5 వోల్టుల తీగే పొట్టిగా ఉండాలి.

సీరియల్_సెట్_శంకరయ్య
230 తీగ ఎంత దూరం లాగినా బాధ లేదు అనకమ్మా. విగ్రహం వెనక కొబ్బరికాయ నీళ్లు, తడి కాళ్లు, పిల్లలు. పోయినేడు మా వీధిలో వెనక స్టూలు మీద పెట్టిన బోర్డుకి షాక్ కొట్టింది ఒకతనికి. బతికాడు, అంతే సంతోషం.

లత_ఈఈఈ
మీరన్నది నిజం, నేను వోల్టేజ్ లెక్క వరకే మాట్లాడాను. ఎస్‌ఎంపీఎస్ బాడీకి ఎర్త్ తగిలించండి, ప్లగ్ ముందు, షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. సప్లై నేల మీద వద్దు. టెర్మినల్స్ మీద మూత పెట్టండి. గాలి రంధ్రాలు మాత్రం మూయకండి.

పాతబస్తీ_పాషా
నా దగ్గర రెండు 5 వోల్ట్ 20 ఆంపియర్ల సప్లైలు ఉన్నయి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి ఇస్తే వైరు లొల్లే లేదు కదా? రెండేళ్ల నుంచి అట్లనే నడుపుతున్న.

బ్యాలెన్స్‌షీట్_భాస్కర్
రెండు సప్లైలు కలపకూడదని ఎక్కడో చదివాను. పేలతాయట.

లత_ఈఈఈ
పేలడం ఏమీ ఉండదు కానీ పాషా భాయ్, మధ్యలో ప్లస్ కోసేశావా లేదా?

పాతబస్తీ_పాషా
లేదు. అట్లనే కలిసి ఉంది.

లత_ఈఈఈ
అయితే ఒకటి 5.02 ఇస్తూ, ఇంకోటి 5.15 ఇస్తుంటే ఎక్కువ ఉన్నదే బరువంతా మోయబోతుంది, తక్కువది కూర్చుని చూస్తుంది. ఒకదానికి ప్లగ్ తీసేస్తే రెండోది స్ట్రిప్ పట్టీల గుండా మొత్తాన్ని పోషించబోతుంది, పట్టీ కాగుతుంది. రెండు సప్లైలుంటే మధ్యలో ఒక చోట ప్లస్ పట్టీని మాత్రం తెంపాలి. గ్రౌండ్ తెంపకూడదు, డేటాకు అదే ఆధారం. గ్రౌండ్ కలవకపోతే రెండో సగం పిచ్చెక్కినట్టు మిణుకుతుంది.

పాతబస్తీ_పాషా
రెండేళ్లు ఏం కాలే అక్కా మరి.

సోల్డర్_సుబ్బు
నేనూ ఒకప్పుడు పాషా లాగే చేశాను, ఏమీ కాలేదు. మధ్యలో పది మీటర్ల సన్న పట్టీ ఉంటే ఆ పట్టీ నిరోధమే రెండింటినీ విడదీస్తుందని నా అనుమానం. లత గారు ఒప్పుకోరు.

లత_ఈఈఈ
ఒప్పుకోను. అనుమానం మీద మండపం కట్టను.

డీజే_నర్సింగ్
ఫ్యూజ్ గురించి ఎవ్వరూ మాట్లాడతలేరు. మండపం అంటే గుడ్డ, థర్మకోల్, ఎండు మామిడాకులు. 40 ఆంపియర్ల సప్లైకి వైరు షార్ట్ అయితే సప్లై వెంటనే ఆగకపోవచ్చు, 40 దాకా ఇచ్చుకుంట పోతది. సన్న వైరు హీటర్ అయితది. నేను ఎల్‌బీ నగర్‌లో చూసిన, తెర గుడ్డకి గోధుమ రంగు గీత పడ్డది వైరు ఉన్న పొడుగూ. ఇంకో పది నిమిషాలు ఉంటే ఏమయ్యేదో.

లత_ఈఈఈ
ఈ దారంలో అందరికంటే ముఖ్యమైన మాట నర్సింగ్ అన్న చెప్పాడు. కారు బ్లేడ్ ఫ్యూజులు, హోల్డర్లు రాణీగంజ్‌లో ఆటో స్పేర్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. ఒక్కో వైరుకు విడిగా ఒక్కో ఫ్యూజు, సప్లై పక్కనే, ప్లస్ మీద. స్ట్రిప్ దగ్గర పెడితే వైరు మధ్యలో షార్ట్ అయినప్పుడు ఫ్యూజుకు తెలియనే తెలియదు. రెండున్నర వైరుకు 15 ఆంపియర్లది వేయండి. మందం వైరుకు కలిపే ఆ జానెడు ముక్క మరీ స్పీకర్ వైరు కాకుండా కనీసం ఒక స్క్వేర్ ఎంఎం వేయండి, లేకపోతే ఫ్యూజుకంటే ముందు అదే కాలుతుంది.

బ్యాలెన్స్‌షీట్_భాస్కర్
ఖర్చు లేని మార్గం ఒకటి. WLEDలో `Enable automatic brightness limiter` టిక్ పెట్టి, గరిష్ఠ కరెంటు 10000 మిల్లీఆంపియర్లు అని రాస్తే అది లెక్క వేసుకుని ఫుల్ వైట్‌ని తానే తగ్గిస్తుంది. కరెంటు సగమైతే దారిలో పోయేదీ సగమే. రాత్రి పూట సగం వెలుగుకీ పూర్తి వెలుగుకీ కంటికి పెద్ద తేడా తెలియదు. నేను మొదట అది 850 దగ్గరే ఉందని చూసుకోక, స్ట్రిప్ మసకగా ఉందని రెండు వారాలు కొత్తవి వెతికాను.

మియాపూర్_మధు
మా ప్రెసిడెంట్ గారికి హారతి టైములో ఫుల్ వైట్ కావాలట. "పాల వెలుగులా" అన్నారు. అయినా లిమిటర్ పెట్టేస్తా, ఆయనకు చెప్పను.

ఆదివారం పని మొదలుపెడతా. వచ్చి చెబుతా.

మియాపూర్_మధు
చేశాను. సప్లై తెర వెనక స్టూలు మీదికి, రెండు వైర్లు, రెండు ఫ్యూజులు, ఆర్‌సీసీబీ, ఎర్త్. అతుకులు సుబ్బు గారు చెప్పినట్టే. ఒక పలక లేచింది, పక్క బల్బు దగ్గర అతికించాను. సప్లై 5.1కి తిప్పాను.

తెలుపు అదిరింది. కానీ కొత్త తలనొప్పి. ఫుల్ వైట్ నొక్కగానే మొత్తం ఆరిపోయి, మూడు సెకన్లకు మళ్లీ మొదట్నుంచి నారింజ రంగులో వెలుగుతోంది. మళ్లీ వైట్ నొక్కితే మళ్లీ అంతే. ఫ్యూజులు బాగానే ఉన్నాయి. లిమిటర్ ఇంకా పెట్టలేదు, ముందు అసలు అంకెలు చూద్దామని.

కోఠి_కుర్రోడు
సప్లై ట్రిప్ అవుతుంది అన్నా. డూప్లికేట్ మాల్.

సోల్డర్_సుబ్బు
ఈఎస్‌పీకి కరెంటు ఎక్కడి నుంచి ఇచ్చారు?

మియాపూర్_మధు
ఎప్పటిలాగే. ఎడమ కాలు కింద స్ట్రిప్ మొదటి పలకల నుంచే.

లత_ఈఈఈ
అదే. ఇదివరకు ఆ పలకల పక్కనే సప్లై ఉండేది, అందుకే 4.9 వచ్చేది. ఇప్పుడు ఆ కాలి కింది భాగం సప్లైకి దూరపు చివర అయింది. ఫుల్ వైట్‌లో అక్కడ నాలుగు లోపు ఉంటుంది. బోర్డు మీద 3.3 తయారుచేసే రెగ్యులేటర్‌కు తన పైన ఒక వోల్టు దాకా కావాలి, అది అందక ఈఎస్‌పీ రీస్టార్ట్ అవుతోంది. ఆ నారింజ WLED ఆన్ అయినప్పుడు మొదట చూపించే రంగు. కోఠి తమ్ముడూ, సప్లై అమాయకురాలు.

ఈఎస్‌పీకి ఫోన్ ఛార్జర్ పెట్టండి. దాని గ్రౌండ్‌ని స్ట్రిప్ మొదటి గ్రౌండ్ పలకకు కలపండి. ఛార్జర్ 5 వోల్టులు స్ట్రిప్ ప్లస్‌కు కలపకండి, లేకపోతే పాషా భాయ్ కథ మొదలవుతుంది.

పాతబస్తీ_పాషా
నా పేరు ఒక సర్క్యూట్‌కి పెట్టేసిన్రు.

మియాపూర్_మధు
ఛార్జర్ పెట్టాను, రీస్టార్ట్ ఆగింది. ఫుల్ వైట్, లిమిటర్ లేకుండా కొలతలు: సప్లై దగ్గర 5.09. అతికించిన రెండు చోట్లా 4.5, 4.45. ఎడమ కాలు కింద 3.9, మధ్య జాయింటు 3.85, కుడి కాలు కింద 3.8. కింద అర మీటరు మేర కాస్త వెచ్చటి తెలుపు, తెలిసినవాడికి తప్ప తెలియదు. లిమిటర్ 10000 పెట్టాక మూడు చోట్లా 4.5 పైనే. ప్రెసిడెంట్ గారు చూసి పాల వెలుగే అన్నారు.

ఇంకో విచిత్రం. మధ్య జాయింటు కనెక్టర్ మునుపు చెయ్యి పెడితే కాగేది. ఇప్పుడు చల్లగా ఉంది.

లత_ఈఈఈ
ఎడమ వైరు ఇటు దాకా, కుడి వైరు అటు దాకా పోషిస్తాయి, సరిగ్గా ఆ జాయింటు దగ్గర రెండూ ఆగిపోతాయి. దాని గుండా ఇప్పుడు డేటా తప్ప దాదాపు ఏ కరెంటూ దాటడం లేదు. మునుపు కుడి సగం మొత్తం ఆ సన్న కనెక్టర్ పిన్నుల్లోంచే వెళ్లేది.

సోల్డర్_సుబ్బు
వచ్చే ఏడాదికి 12 వోల్టుల డబ్ల్యూఎస్2815 తీసుకోండి. వాట్లు దాదాపు అంతే, కరెంటు బాగా తగ్గుతుంది, ఒక వోల్టు పోయినా రంగు మారదు. ఒక బల్బు పోయినా డేటా ఆగకుండా రెండో డేటా తీగ ఉంటుంది.

బ్యాలెన్స్‌షీట్_భాస్కర్
ధర కూడా చెప్పండి. కమిటీ వాళ్లకు నేను లెక్క చూపించాలి.

సీరియల్_సెట్_శంకరయ్య
మా సీరియల్ సెట్ 40 మీటర్లకు ఇంతమంది ఇంజనీర్లు అక్కర్లేదు.

మియాపూర్_మధు
ఒక్కటే మిగిలింది. నిమజ్జనం రోజు ఇదే ఆర్చిని ట్రాలీ మీద కట్టి ట్యాంక్‌బండ్ దాకా తీసుకెళ్లాలంటున్నారు. జనరేటర్ వద్దు, పొగ అంటున్నారు. లారీ బ్యాటరీ 12 వోల్టులు ఉంటుంది. దాని నుంచి 5 చేసే కన్వర్టర్ 20 ఆంపియర్లది దొరుకుతుందా, లేక చిన్నవి రెండు పెట్టి మధ్యలో ప్లస్ తెంపాలా?

పాతబస్తీ_పాషా
రెండు పెట్టు. తెంపకు.

లత_ఈఈఈ
పాషా భాయ్!

మధు గారూ, రెండే పెట్టండి, ఒక్కోటి ఆ రెండున్నర మీటర్ల అతుకు పక్కనే స్తంభానికి కట్టండి. బ్యాటరీ నుంచి 12 వోల్టుల తీగ దూరం లాగండి, 5 వోల్టుల తీగ జానెడు చాలు. జాయింటు దగ్గర కనెక్టర్ ఉంది కాబట్టి అక్కడ ప్లస్ పిన్ను ఒక్కటి లాగేస్తే తెగినట్టే. బ్యాటరీ పక్కన ఫ్యూజు మరవకండి. లారీ ఎన్ని వోల్టులో ముందు డ్రైవర్‌ని అడగండి, పెద్ద లారీలు 24 ఉంటాయి.

మియాపూర్_మధు
అడిగాను. 24 అట.